ఫాస్టాగ్‌లో డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయా? ముందు చూడాల్సింది మెసేజ్ కాదు, రీడర్ టైమ్

టోల్ గేట్ దాటి చాలాసేపయ్యాక ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, కాసేపటికి ఇంకొకటి. రెండింటిలోనూ అదే ప్లాజా పేరు. ఇక ఒళ్లు మండిపోయి ఎవరికి ఫోన్ చేయాలో తెలియక గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి, అక్కడ దొరికిన ఏదో నంబర్‌కు చేసి, ఓటీపీ అడిగితే చెప్పేసి, పోయిన వంద రూపాయల కోసం ఇంకా పెద్ద మొత్తం పోగొట్టుకునే వాళ్లూ ఉన్నారు. అసలు నంబర్ మీ ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉంటుంది, వేరే ఎక్కడా వెతకక్కర్లేదు. అయితే ఫోన్ చేసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నిజంగా రెండుసార్లు కట్ అయిందా, లేక మెసేజ్‌లు ఆలస్యంగా వచ్చాయా? ఇది తేలకుండా ఫిర్యాదు పెడితే తప్పు కారణం మీద పెడతాం, అది తిరస్కారానికి గురవుతుంది, తర్వాత అసలు కారణం మీద అడిగినా మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

గేటు ఎత్తారంటే మీ బ్యాంకులో డబ్బు కట్ అయిపోయినట్టు కాదు. లేన్ మీద వేలాడే రీడర్ మీ అద్దానికున్న ట్యాగ్‌ను చదువుతుంది, ప్లాజా కంప్యూటర్ తన దగ్గరున్న జాబితాలో ఆ ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉందా లేదా అని చూస్తుంది, లేకపోతే గేటు ఎత్తేస్తుంది. డబ్బు సంగతి వెనకాల నడుస్తుంది. ప్లాజా తరఫున పనిచేసే బ్యాంకు ఆ వివరాలను జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడిపే ఎన్‌ఈటీసీ అనే టోల్ వసూళ్ల వ్యవస్థకు పంపుతుంది, అక్కడి నుంచి అవి మీకు ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చేరతాయి, అది మీ వాలెట్ నుంచి తీసి మీకు మెసేజ్ పెడుతుంది. అన్నీ బాగుంటే ఇదంతా క్షణాల్లో అయిపోతుంది. ప్లాజాలో నెట్ పోయినా, మధ్యలో ఎక్కడైనా సర్వర్ మొరాయించినా ఆ వివరాలు అక్కడే ఆగి, తర్వాత ఎప్పుడో కదులుతాయి. కాబట్టి మెసేజ్ వచ్చిన టైమ్ డబ్బు కట్ అయిన టైమే గానీ, మీ బండి గేటు దాటిన టైమ్ కాదు.

మీ బ్యాంకు యాప్‌లోనో ఫాస్టాగ్ పోర్టల్‌లోనో స్టేట్‌మెంట్ తీస్తే ఈ రెండు టైమ్‌లు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి రీడర్ రీడ్ టైమ్, అంటే ట్యాగ్‌ను రీడర్ చదివిన సమయం. ఇంకొకటి లావాదేవీ జరిగిన సమయం. కొన్ని యాప్‌లలో మొదటి స్క్రీన్ మీద ఒక టైమే ఉంటుంది, ఆ ఎంట్రీ మీద నొక్కితే గానీ రెండోది బయటపడదు. పక్కనే ప్లాజా పేరు, లేన్ నంబర్, బండి క్లాస్, లావాదేవీ ఐడీ ఉంటాయి. మొత్తం గొడవంతా ఈ నాలుగైదు వివరాల మీదే నడుస్తుంది, అందుకే వాటిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే కారునే తీసుకుందాం. దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు తగులుతాయి. వెళ్లేటప్పుడు ఒక గేటు దగ్గర పడాల్సిన ఎంట్రీ నెట్ లేక ఆగిపోయి, రాత్రి ఇంటికొచ్చాక తిరుగు ప్రయాణపు మెసేజ్‌తో కలిసి వచ్చిందనుకోండి. ఒకే గేటు పేరుతో పది నిమిషాల తేడాలో రెండు కోతలు. చూడటానికి అచ్చం డబుల్ డెబిట్‌లాగే ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో రీడర్ టైమ్ చూస్తే ఒకటి ఉదయం 7:10, ఇంకొకటి సాయంత్రం 6:40. రెండుసార్లు దాటారు కాబట్టి రెండుసార్లు పడింది.

కానీ అక్కడితో వదిలేయకూడదు, మొత్తాలు కూడా చూడాలి. జాతీయ రహదారి మీద అదే గేటును 24 గంటల్లోపు తిరిగి దాటితే రానుపోను కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే తీసుకోవాలి. ఒకవైపు 100 రూపాయలైతే వెళ్లేటప్పుడు 100, వచ్చేటప్పుడు 50. ఐదు రూపాయల లెక్కకు సరిచేస్తారు కాబట్టి కచ్చితంగా సగం కాకపోవచ్చు, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఆ 24 గంటలూ మొదటిసారి రీడర్ చదివిన టైమ్ నుంచే లెక్క, మెసేజ్ టైమ్ నుంచి కాదు. పై ఉదాహరణలో రెండు ఎంట్రీలూ 100 చొప్పున ఉంటే అది డబుల్ డెబిట్ కాదు, తిరుగు ప్రయాణపు తగ్గింపు ఇవ్వకపోవడం. తిరిగి రావాల్సింది 50. ఇలాంటప్పుడు “రెండుసార్లు కట్ అయింది” అని పెడితే ప్లాజా వాళ్లు రెండు ఫోటోలు పంపి, బండి రెండుసార్లు దాటింది చూడండి అంటారు, అదీ నిజమే కాబట్టి ఫిర్యాదు మూసేస్తారు. న్యాయంగా రావాల్సిన యాభై కూడా రాదు.

మరి నిజమైన డబుల్ డెబిట్ ఎలా ఉంటుంది? రెండు ఎంట్రీలలోనూ అదే ప్లాజా, రీడర్ టైమ్‌ల మధ్య కొద్ది నిమిషాలే తేడా, చాలాసార్లు లేన్ నంబర్లు కూడా వేరు. ఒక లేన్‌లోకి వెళ్లాక గేటు ఎత్తకపోతే సిబ్బంది వెనక్కి తీయించి పక్క లేన్‌లోకి పంపిస్తారు, మొదటి లేన్ రీడర్ అప్పటికే చదివేసి ఉంటుంది, రెండోదీ చదువుతుంది. పండగ రద్దీలో క్యూ మధ్యలోకి వచ్చి చేతి మెషీన్‌తో ముందే స్కాన్ చేస్తారు, ఆ తర్వాత గేటు దగ్గర రీడర్ కూడా లాగుతుంది. ఇలాంటి కేసు సాధారణంగా తేలిగ్గానే తేలుతుంది. కారు నాలుగు నిమిషాల్లో అదే గేటును ఒకే దిశలో రెండుసార్లు దాటలేదు కదా, ప్లాజా దగ్గర చూపించడానికి రెండో ఫోటో ఉండదు.

చిక్కు ఎక్కువగా వచ్చేది వేరే రకంలో. ట్యాగ్ చదవలేదని గేటు దగ్గర డబ్బు కట్టించుకుంటారు, తర్వాత ట్యాగ్ నుంచి కూడా కట్ అవుతుంది. దీన్ని కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఇందులో పోయే డబ్బు రెండు ముక్కలు, ఆ రెండు ముక్కలూ రెండు వేర్వేరు దారుల్లో తిరిగి రావాలి.

కారు రుసుము 100 అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది. ట్యాగ్‌లో 640 రూపాయల బ్యాలెన్స్ ఉంది, బ్లాక్‌లిస్ట్‌లో లేదు. రాత్రి 7:41కి కారు లేన్‌లోకి వచ్చింది, గేటు ఎత్తలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. లేన్‌లో ఉన్న అబ్బాయి వచ్చి “స్కాన్ అవ్వట్లేదు సార్, యూపీఐ కొట్టేయండి” అన్నాడు. 2025 నవంబర్ 15న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ట్యాగ్ పనిచేయని బండి నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐలో ఇస్తే ఒకటింపావు రెట్లు. అలా 7:43కి 125 కట్టి బయటపడ్డారు. ఎనిమిదిన్నరకు మెసేజ్, ట్యాగ్ నుంచి 100 కట్. స్టేట్‌మెంట్‌లో రీడర్ టైమ్ 7:41. అంటే ట్యాగ్‌ను రీడర్ చదివింది, గేటుకు ఆ సంగతి చేరలేదు. ఇవ్వాల్సింది 100, పోయింది 225.

ఇక్కడ బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టేది ట్యాగ్ నుంచి కట్ అయిన 100 మీద. కారణం “డబుల్ డెబిట్” కాదు, “వేరే పద్ధతిలో చెల్లించాను” అనే అర్థమొచ్చేది ఎంచుకోవాలి. పేర్లు యాప్‌కొకలా ఉంటాయి. దానికి సాక్ష్యం ప్లాజా ఇచ్చిన రసీదు. యూపీఐ స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలా బలహీనం, దానిమీద బండి నంబర్ ఉండదు, ఆ 125 మీ కారుకే కట్టారని అది చెప్పదు. రసీదు మీద బండి నంబర్, లేన్, టైమ్, మొత్తం ఉంటాయి. ఎంత హారన్లు కొట్టినా ఆ చీటీ తీసుకుని కదలాలి, దాన్ని వెంటనే ఫోటో తీయాలి, ఎందుకంటే ఆ కాగితం మీద అచ్చు ఎండ తగిలే డ్యాష్‌బోర్డ్ మీద నాలుగు రోజులుంటే వెలిసిపోతుంది.

ఈ డిస్ప్యూట్ గెలిస్తే 100 వెనక్కి వస్తుంది. అయినా మీరు 125 ఇచ్చారు, ఆ అదనపు 25 ట్యాగ్ ద్వారా పోలేదు కాబట్టి బ్యాంకుకు దానితో సంబంధం లేదు. నగదు ఇచ్చి ఉంటే ఆ అదనం 100. అది ప్లాజా మీద ఫిర్యాదు, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి చెప్పాలి. చాలామంది ఒకచోట చెప్పి రెండోది కూడా అందులోనే తేలుతుందనుకుంటారు. 1033లో చెప్పినంత మాత్రాన బ్యాంకులో డిస్ప్యూట్ నమోదైపోయిందని అనుకోకండి, బ్యాంకులో పెట్టారు కదా అని ప్లాజా మీద విచారణా మొదలవదు. రెండు చోట్లా పెట్టి, రెండు ఫిర్యాదు నంబర్లూ రాసిపెట్టుకోవాలి.

నిజానికి ఆ రాత్రి ఏమీ కట్టకుండా వెళ్లే హక్కు కూడా ఉంది. 2018లో టోల్ నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, ట్యాగ్ సరిగా ఉండి, అందులో చాలినంత డబ్బు ఉండి, ప్లాజా పరికరాలు పనిచేయక రుసుము తీసుకోలేకపోతే ఆ బండిని ఉచితంగా పంపాలి, సున్నా రూపాయల రసీదు కూడా ఇవ్వాలి. గేటు దగ్గర ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు “మీ ట్యాగే పాడైంది” అని. అందుకు తిరుగు జవాబు మీ స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది. అంతకు ముందు గేటు దగ్గర అదే ట్యాగ్ చక్కగా చదివింది, తర్వాతి గేటు దగ్గరా చదివింది, మధ్యలో ఇక్కడొక్కచోటే చదవలేదంటే లోపం ఎక్కడుందో ఎవరికైనా అర్థమవుతుంది. గేటు దగ్గర వాదించే ఓపిక లేకపోయినా, 1033 ఫిర్యాదులో ఈ మూడు గేట్ల వివరాలు రాస్తే బలం వస్తుంది. వరుసగా ప్రతి గేటులోనూ చదవకపోతే మాత్రం ట్యాగ్ మార్చుకోవాల్సిందే, అప్పుడు ఈ నిబంధన మీకు పనికిరాదు.

ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉంటే లెక్క వేరు. గేటు ముందుకొచ్చాక కంగారుగా రీఛార్జ్ చేసి, బ్యాలెన్స్ ఉంది కదా రెట్టింపు ఎందుకు తీసుకున్నారని అడుగుతుంటారు. రీఛార్జ్ చేసిన సంగతి మీ బ్యాంకుకు తెలిసినంత వేగంగా ప్లాజా దగ్గరున్న జాబితాకు తెలియదు. ఇది ప్లాజా తప్పుగా నిలబడటం కష్టం.

ఇంకో రకం, కారు ఇంటి ముందే ఉంటుంది, మెసేజ్ మాత్రం ఎక్కడో వేరే జిల్లా గేటు నుంచి వస్తుంది. ట్యాగ్ చదవనప్పుడు సిబ్బంది బండి నంబర్‌ను చేత్తో కొట్టి డబ్బు లాగగలరు, అందులో ఒక అంకె అటూ ఇటూ అయితే ఎవరి కారో బలి. ఈ చేతి ఎంట్రీల మీద 2025 మొదట్లో జాతీయ రహదారుల సంస్థ ఒక ప్రకటన చేసింది. అప్పటి లెక్కన దేశం మొత్తం మీద నెలకు దాదాపు 30 కోట్ల లావాదేవీలు జరిగితే ఇలాంటి నిజమైన ఫిర్యాదులు 50 వరకు వస్తున్నాయట, ఒక్కో తప్పుకు లక్ష రూపాయలు లేదా అంతకుమించి జరిమానా వేస్తున్నామని, అప్పటికి 250కి పైగా ప్లాజాలకు వేశామని చెప్పింది. ఆ 50 అనేది విచారణలో నిలబడిన ఫిర్యాదుల లెక్క అని గుర్తుంచుకోవాలి, విసుగొచ్చి వదిలేసిన వాళ్లు అందులో లేరు. ఏమైనా ఆ జరిమానా వల్ల మీకొక ఉపయోగం ఉంది. ఈ రకం కేసుకు 1033తో పాటు ప్రత్యేకంగా ఒక మెయిల్ ఐడీ ఇచ్చారు, falsededuction@ihmcl.com. వంద రూపాయల ఫిర్యాదు లక్ష రూపాయల జరిమానాకు దారితీస్తుందంటే ప్లాజా వాళ్లు తేలిగ్గా తీసుకోరు.

అయితే మెయిల్ కొట్టే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ట్యాగ్ ఇప్పుడు ఎక్కడుంది? పాత కారు అమ్మేసి ట్యాగ్ మూయించకపోతే కొన్నవాళ్లు ఎక్కడ తిరిగినా మీ వాలెట్ నుంచే పోతుంది. ప్లాజా పంపే ఫోటోలో కారు, నంబర్, ట్యాగ్ అన్నీ సరిపోతాయి, డిస్ప్యూట్ ఓడిపోతారు. అక్కడ చేయగలిగింది వెంటనే బ్యాంకుకు చెప్పి ట్యాగ్ మూయించడం, పోయిన డబ్బు కొన్నవాళ్ల దగ్గర అడిగి తీసుకోవడం. అలా కాకుండా ఫోటోలో మీ నంబర్ ప్లేటుతోనే వేరే రంగు, వేరే మోడల్ కారు కనిపిస్తే అది టోల్ గొడవ కాదు, నకిలీ నంబర్ ప్లేటు. ఆ ఫోటో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి, రేపు ఆ బండి మీద పడే చలానాలూ మీకే వస్తాయి.

క్లాస్ తప్పు పడటం గురించి రెండు మాటలు చాలు. కారు క్లాస్ 4. కారుకు మినీ బస్సు రుసుమో లారీ రుసుమో పడితే స్టేట్‌మెంట్ మొత్తం చూడండి. అన్ని గేట్లలోనూ ఎక్కువే పడుతుంటే ట్యాగ్ ఇచ్చేటప్పుడే బ్యాంకు తప్పు క్లాస్ నమోదు చేసింది, ఆర్సీ కాపీ ఇచ్చి బ్యాంకులోనే సరిచేయించాలి. ఒక్క గేటులోనే పడితే అక్కడి సెన్సర్ మీ కారును పెద్ద బండిగా లెక్కేసింది, అది ప్లాజా తప్పు. కారు మీద లగేజీ క్యారియర్ నిండా సామాను కట్టుకెళ్లినప్పుడు సెన్సర్లు తికమకపడే అవకాశం ఎక్కువ.

ఇక డిస్ప్యూట్ పెట్టాక లోపల జరిగేది. మీరు యాప్‌లో ఆ ఎంట్రీ మీద నొక్కి ఫిర్యాదు పెడితే మీ బ్యాంకు ఎన్‌ఈటీసీ వ్యవస్థలో ఛార్జ్‌బ్యాక్ వేస్తుంది, అంటే కట్ అయిన డబ్బు వెనక్కి ఇవ్వమని అడుగుతుంది. అది ప్లాజా బ్యాంకుకు, అక్కడి నుంచి ప్లాజాకు వెళ్తుంది. ప్లాజా ఒప్పుకుంటే డబ్బు వాలెట్‌లో పడుతుంది. ఒప్పుకోకపోతే సాక్ష్యంగా లేన్ కెమెరా తీసిన బండి ఫోటో, ఆ లేన్ రికార్డు పంపుతుంది. దీనికి వారాలు పడుతుంది, రెండు రోజులకోసారి ఫోన్ చేసినా ముందుకు జరగదు. గడువు మాత్రం మీకోసం ఆగదు. పాత లావాదేవీల మీద ఛార్జ్‌బ్యాక్ వేయడానికి బ్యాంకుకే గడువుంటుంది, ఆర్నెల్ల తర్వాత స్టేట్‌మెంట్ తిరగేస్తే దొరికిన తప్పును ఎంత రుజువున్నా ఆ దారిలో తిరిగి తేలేరు. నెలాఖరులో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

“మీ అభ్యర్థన తిరస్కరించబడింది” అని ఒక్క వాక్యం మెసేజ్ వచ్చిందంటే చాలామంది అక్కడితో వదిలేస్తారు. వదలకుండా, ప్లాజా ఏ సాక్ష్యం పంపిందో దాని కాపీ ఇవ్వమని బ్యాంకుకు రాతపూర్వకంగా అడగాలి. పై 7:41 కేసులో ప్లాజా పంపేది మీ కారు ఫోటోనే, ఎందుకంటే మీ కారు అక్కడ నిజంగానే ఉంది. పైపైన చూసిన వాళ్లకు “బండి దాటింది, డబ్బు కట్ అయింది, సరిపోయింది” అనిపిస్తుంది. కారు దాటలేదని మీరు అనట్లేదు, అదే దాటడానికి రెండుసార్లు తీసుకున్నారని అంటున్నారు, ఆ తేడా వాళ్లకు కనపడేలా రాయాలి. “7:41 నాటి ఈ లావాదేవీకి సంబంధించిన ఒకే ప్రయాణానికి 7:43కి ఇదే లేన్‌లో ఈ రసీదు నంబర్ మీద 125 రూపాయలు తీసుకున్నారు” అని ఒక్క వాక్యం రాసి రసీదు జతచేస్తే చాలు. పేజీలకు పేజీలు ఆవేదన రాస్తే అసలు సంగతి అందులో మునిగిపోతుంది.

అయినా బ్యాంకు కదలకపోతే ముందు బ్యాంకులోనే పైస్థాయి ఫిర్యాదుల అధికారికి వెళ్లాలి. ఫిర్యాదు పెట్టి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా పెట్టుకోవచ్చు. బ్యాంకుకు ఫిర్యాదు చేయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు, అందుకే మొదటి రోజు ఇచ్చిన టికెట్ నంబర్, తేదీ ఉండాలి. అంబుడ్స్‌మన్ చూసేది మీ బ్యాంకు తన పని చేసిందా లేదా అన్నది మాత్రమే. గేటు దగ్గర అదనంగా లాక్కున్న 25 రూపాయలు ఆయన పరిధిలోకి రావు, దానికి 1033 ఫిర్యాదు నంబర్‌తో జాతీయ రహదారుల సంస్థనే అడగాలి, అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లోనో జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనో పెట్టుకోవాలి. ఇక రాష్ట్ర రహదారులు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటివి ఆ సంస్థ కిందకు రావు. ఔటర్ మీద తప్పు పడితే ట్యాగ్ డబ్బుకు బ్యాంకు డిస్ప్యూట్ అలాగే పనిచేస్తుంది గానీ, గేటు మీద ఫిర్యాదు ఆ రోడ్డు నడిపే సంస్థకే చేయాలి. జాతీయ రహదారుల వార్షిక పాస్ ఉండి కూడా ఔటర్‌లో డబ్బు కట్ అయిందని పెట్టే డిస్ప్యూట్‌లు ఓడిపోయేది కూడా ఇందుకే, ఆ పాస్ అక్కడ చెల్లదు.